పేజీ రాయడం నష్టం దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: సార్, మాది దేవరకొండ. ఖాతాలో రెండు లక్షలు పెట్టి ఆరు నెలలుగా షేర్లల్ల ఇంట్రాడే, అంటే కొన్ననాడే అమ్ముడు, చేస్తున్న. మంచిగ నడిచిన రోజు ఏడెనిమిది వందలు మిగులుతయి. పోయిన నెల ఒక్క రోజే 14 వేలు పోయినయ్. ట్రేడింగ్ ప్లాన్ ఒక పేజీల రాసుకోమని దోస్తు చెప్పిండు. అండ్ల ఏం రాయాలె?

జవాబు: ఆ ఒక్క రోజును పూడ్చడానికి మీకు పంతొమ్మిది మంచి రోజులు కావాలి. అందుకే ఎప్పుడు కొనాలన్న ఎంట్రీ నియమాన్ని కాసేపు పక్కన పెట్టి, రోజు నష్టం హద్దును ముందు రాయండి. రెండు మంచి రోజుల్లో తిరిగొచ్చేంతే పోవాలి అనుకుంటే మీ హద్దు 1,500. మూడు సార్లు తప్పే అవకాశం ఉంచుకుంటే ఒక్కో ట్రేడ్‌లో పోగలిగేది 500. రోజుకు మూడు ట్రేడ్లు దాటొద్దని కూడా రాయండి. 2022-23లో ఇంట్రాడే చేసిన పది మందిలో ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. ఏడాదికి 500కు మించి ట్రేడ్లు చేసినవాళ్లలో ఆ సంఖ్య పదికి ఎనిమిది.

ఇక ఎంట్రీ. మీ పద్ధతి ఏదో మీరు చెప్పలేదు కాబట్టి తేలికైనదొకటి తీసుకుందాం: 9:15 నుంచి 9:30 వరకు చేరిన గరిష్ఠ ధరను గీత గీసుకుని, ఆ తర్వాత చార్టులో ఐదు నిమిషాల ధరను చూపే క్యాండిల్ దాని పైన ముగిస్తేనే కొనాలి. 11 దాటితే కొత్త ఎంట్రీ లేదు. ఏ నియమమైనా పక్కవాడు చదివి ‘అవును’ లేదా ‘కాదు’ అనగలిగేలా ఉండాలి. ‘ట్రెండ్ బాగుంటే కొంటా’ అని రాస్తే అది నియమం కాదు.

గీత 402 దగ్గర ఉంది, క్యాండిల్ 402.50 వద్ద ముగిసింది, మీరు కొన్నారనుకుందాం. ధర పడితే అమ్మేసే హద్దు, అంటే స్టాప్‌లాస్, 398.50. షేరుకు పోయేది 4 రూపాయలు. 500ను నాలుగుతో భాగిస్తే 125 షేర్లు వస్తాయి. కానీ బ్రోకరేజీ, ఎస్‌టీటీ పన్ను, జీఎస్‌టీ కలిపి రానూపోనూ ఇంచుమించు 50 రూపాయలు అవుతాయి. అది తీసేసి 110 షేర్లు కొనండి. స్టాప్ తగిలితే 440, ఖర్చులు 50, మొత్తం 490. ఖాతా ఐదింతల దాకా మార్జిన్ ఇస్తుంది, అంటే మీ డబ్బును మించి ఇంకా చాలా షేర్లు కొనొచ్చు. మీ 14 వేల రోజు వెనుక బహుశా అదే ఉంది. షేర్ల సంఖ్యను మార్జిన్ కాదు, స్టాప్ దూరం నిర్ణయించాలి.

ఎగ్జిట్‌కు మూడు దారులు రాయండి: 398.50 స్టాప్, 410.50 టార్గెట్, ఏదీ తగలకపోతే 3:10కి అమ్మేయడం. బ్రోకరే అమ్మేసి స్క్వేర్ ఆఫ్ చేసేదాకా ఆగితే చాలాచోట్ల అదనపు చార్జీ పడుతుంది. కొన్న వెంటనే స్టాప్ ఆర్డర్ పెట్టేయండి, మనసులో పెట్టుకుంటే చెల్లదు. ఆర్డర్ కదిలే ట్రిగ్గర్ 398.50, అంతకు తగ్గి అమ్మొద్దనే లిమిట్ 398 అని పెడితే, ధర ఒక్కసారిగా 398 కిందికి జారినప్పుడు షేర్లు అమ్ముడు కాకుండా ఉండిపోవచ్చు. లిమిట్ లేని SL-M ఆర్డర్ పెడితే దొరికిన ధరకు అమ్ముడవుతాయి, కానీ ఆ ధర కాస్త కిందే రావచ్చు. నేను రెండోదాన్నే ఎంచుకుంటా.

ఒక పొరపాటు నేనూ చేశాను. టార్గెట్ దగ్గర చేత్తో అమ్మేసి, స్టాప్ ఆర్డర్ రద్దు చేయడం మరిచాను. మధ్యాహ్నం ధర పడి అది తగిలింది. నా దగ్గర షేర్లు లేవు కదా, లేని షేర్లు అమ్మినట్టయి కొత్తగా షార్ట్ పొజిషన్ తెరుచుకుంది! అందుకే ‘అమ్మగానే పెండింగ్ ఆర్డర్లు చూడు’ అన్న వాక్యం మీ పేజీలో ఉండాలి.

ఇక అసలు కష్టం హద్దు తగిలాక. బోరు వేయించే రైతును చూసే ఉంటారు: మూడొందల అడుగులని మొదలుపెడతాడు, తడి కనిపించకపోతే ‘ఇంకో యాభై’ అంటాడు, నాలుగొందలకూ ఆగడు. రెండు నష్టాల తర్వాత మీకూ అలాగే అనిపిస్తుంది, షేర్లు రెట్టింపు చేయాలనిపిస్తుంది. రెండు స్టాపులకు 980 పోయింది, మిగిలింది 520. మూడో ట్రేడ్ కూడా 110 షేర్లతోనే, లేదా అసలొద్దు. తెరిచి ఉన్న పొజిషన్ నష్టాన్నీ ఈ లెక్కలో కలపండి. 1,500 తాకితే చేయాల్సిన పనులు వరుసగా రాయండి: పొజిషన్లు మూసేయి, పెండింగ్ ఆర్డర్లు రద్దు చెయ్యి, యాప్‌లో ట్రేడింగ్‌ను ఆపేసే ‘కిల్ స్విచ్’ ఉంటే నొక్కు, లాగౌట్ అవ్వు.

ఇరవై ట్రేడ్లు అయ్యేదాకా పేజీని ముట్టుకోకండి. తర్వాత పేజీ ప్రకారం చేసినవాటిని, దాటినవాటిని వేర్వేరుగా కూడండి. దాటినవాటిలోనే నష్టం ఉంటే ఎంట్రీ నియమాన్ని మార్చాల్సిన పని లేదు, షేర్ల సంఖ్యను సగం చేసి మళ్లీ ఇరవై చేయండి. పేజీ ప్రకారం చేసినవే నష్టంలో ఉంటే ఆ ఎంట్రీని కొట్టేసి, కొత్త నియమాన్ని ముందు డబ్బు పెట్టకుండా కాగితం మీద చేసి చూడండి.