కీటకాలకి రక్తనాళాలు లేకపోతే గుండె దేనికి?

ప్రశ్న: "బొద్దింకకి రక్తనాళాలు ఉండవు, రక్తం ఒళ్లంతా ఊరికే నిండి ఉంటుంది అని పుస్తకంలో ఉంది. మరి వీపు మీద ఆ గుండె ఏం చేస్తుంది? మనలాంటి ఏర్పాటు లేకుండా ఎలా బతుకుతుంది?"

నేను పట్టుపురుగులు పెంచే ఇంట్లో పెరిగాను, ఇప్పుడు జువాలజీ పాఠాలు చెబుతున్నాను. అందుకే బొద్దింక బదులు పట్టుపురుగుతో చెప్తాను. బొద్దింక గుండె చూడాలంటే కోయాలి. ఐదో దశ పట్టుపురుగుది మాత్రం చర్మంలోంచే కనిపిస్తుంది.

పురుగుని ఆకు మీద కదలకుండా ఉండనిచ్చి, వీపు నడిమధ్య చూడండి. తోక నుంచి తల వైపు సన్నటి ముదురు గీత ఒకటి ఉంటుంది. అదే పృష్ఠనాళం. గీత వెంట ఒక సంకోచం వెనక నుంచి ముందుకి పాకుతూ పోతుంది, వెంటనే ఇంకొకటి మొదలవుతుంది. పురుగు నడిచేటప్పుడు ఒంట్లో వచ్చే అలని చూసి చాలామంది ఇదే గుండె అనుకుంటారు. నడకలో ఖండాలన్నీ కదులుతాయి, పురుగు ఆగితే ఆ అల కూడా ఆగిపోతుంది. గుండె కదలిక ఆ గీతలోనే ఉంటుంది, పురుగు నిద్రలో ఉన్నా ఆగదు. గది చల్లబడితే నెమ్మదిస్తుంది, వేడెక్కితే వేగం పుంజుకుంటుంది.

ఈ నాళం వెనక కొస మూసి ఉంటుంది. పొట్ట భాగంలో ఉన్నది గుండె. దాని రెండు పక్కలా ఆస్టియా అనే చీలికలు ఉంటాయి. గుండె వదులైనప్పుడు, దాన్ని పట్టి ఉంచిన సాగే పోగులూ విసనకర్ర ఆకారంలో ఉండే పక్షాకార కండరాలూ దాన్ని వెడల్పు చేస్తాయి. అప్పుడు చుట్టూ ఉన్న హీమోలింఫ్, అంటే పురుగు రక్తం, చీలికల్లోంచి లోపలికి వస్తుంది. గుండె ముడుచుకోగానే చీలికల పెదవులు మూసుకుంటాయి, ద్రవం ముందుకే పోవాలి. ముందు భాగంలోని మహాధమని మెదడు దగ్గర తెరుచుకుంటుంది. నాళాల దారి అంతటితో సరి. తలలో పడ్డ ద్రవం పేగు చుట్టూ, కండరాల మధ్య, నాడీదండం పక్కగా అవయవాలను నేరుగా తడుపుతూ వెనక్కి జరిగి, మళ్లీ వీపు వైపు చేరుతుంది. ఒంటి కదలికలు కూడా దాన్ని నెడతాయి. కాబట్టి అది నిలవ నీరు కాదు, దానికి ఒక దిశ ఉంది.

మనలో ఉన్నదేమిటో, పురుగులో ఉన్నదేమిటో ఇద్దరు మనుషులు కాదు, ఒక్కడే చూశాడు. ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీఘీ 1661లో కప్ప ఊపిరితిత్తుల్లో ధమనినీ సిరనీ కలిపే కేశనాళికలను వర్ణించాడు. 1669లో పట్టుపురుగు మీద రాస్తూ దాని గుండెనీ వాయునాళాలనూ వర్ణించాడు. తేడా అంతా ఆ కేశనాళికల దగ్గరే ఉంది. మన రక్తం నాళం దాటి బయటికి రాదు. ఆక్సిజన్‌ని ప్రతి కణం దాకా త్వరగా చేర్చాలి కాబట్టి దాన్ని ఆ సన్నటి నాళాల్లోంచి బలంగా నెట్టాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా మన గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు పంపుతుంది, పీడనం 120/80 దగ్గర ఉంటుంది.

పురుగు రక్తానికి ఆ పని లేదు. ఒంటి పక్కల ఉన్న శ్వాసరంధ్రాల నుంచి వాయునాళాలు కొమ్మలేసుకుంటూ కణాల దాకా గాలిని మోస్తాయి. హీమోలింఫ్ మోసేది ట్రెహలోజ్ అనే చక్కెర, ఆహారం, హార్మోన్లు, వ్యర్థాలు, రక్షణ కణాలు. ఇవి కొంచెం ఆలస్యంగా చేరినా కొంప మునగదు. ప్యూపాలో గుండె మధ్యమధ్య కాసేపు ఆగుతుంది కూడా. మనకైతే అలాంటి విరామం ప్రాణాంతకం.

హీమోలింఫ్ చూడాలంటే పురుగు వెనక ఉన్న కొమ్మునో పొట్టకాలినో సూదితో పొడిస్తే చుక్క వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పురుగుది తేటగా, లేత పసుపుగా ఉంటుంది. ఎర్రగా ఉండదు, ఎందుకంటే హీమోగ్లోబిన్ లేదు. గ్రాసరీ అనే వైరస్ రోగం ముదిరితే పాలలా తెల్లబడుతుంది, పెంపకందారులు రోగాన్ని గుర్తుపట్టేది దాన్నిబట్టే. ఆ చుక్కని గాలిలో వదిలేస్తే కాసేపటికి నల్లబడుతుంది. గాయం పూడ్చి సూక్ష్మజీవులను ఆపే మెలనిన్ అక్కడ తయారవుతుందన్నమాట. అందుకే ల్యాబ్‌లో శాంపిల్ తీసేవాళ్లు ట్యూబులో ముందే కొంచెం ఫినైల్‌థయోయూరియా వేసి ఐస్ మీద పెడతారు.

ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. మీసాలు, రెక్కలు లాంటి సన్నటి కొసల్లోకి పృష్ఠనాళం ఒక్కటే ద్రవాన్ని నెట్టలేదు. అందుకే మీసాల మొదట్లో, రెక్కల దగ్గర విడిగా కొట్టుకునే చిన్న స్పందన అవయవాలు ఉంటాయి. పట్టుగూడు చీల్చుకొచ్చిన సీతాకోకచిలుక రెక్కలు మొదట తడిసి ముడుచుకుని ఉంటాయి. పొట్ట కండరాలు బిగిసి హీమోలింఫ్‌ని రెక్కల ఈనెల్లోకి తోస్తే అవి విచ్చుకుంటాయి. తర్వాత చాలా ద్రవం వెనక్కి వచ్చేసి రెక్క ఎండి గట్టిపడుతుంది. ఆ సమయంలో పొట్టకి గాయమై ద్రవం కారిపోతే రెక్కలు ముడతలుగానే ఉండిపోతాయి.