మూడు రకాల గీతలు వచ్చాకే రెవిట్ మాట

ప్రశ్న: సార్, మాది కావలి. మా అమ్మాయి సివిల్ డిప్లొమా చేసింది. నెల్లూరులో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసుకి వెళ్తే, తను గీసిన ప్లాన్ చూసి "గీతలన్నీ ఒకే మందం, లేయర్లు కూడా సరిగా లేవు" అని పంపేశారు. ఒంగోలులో రెవిట్ కోర్సు ఉందంట, అరవై వేలు. ఆటోక్యాడ్ మేలా, రెవిట్ మేలా? అప్పు చేసైనా చేర్పించమంటారా?

జవాబు: అప్పు చేయకండి. మూడేళ్ల చదువు వృథా అయిందేమోనన్న దిగులుతో అడుగుతున్నారు మీరు. ఏమీ కాలేదు. ఆ ఆఫీసువాళ్లు లోపమేంటో నోరు తెరిచి చెప్పారు, అదే ఎక్కువ. అది ఇంట్లో కూర్చుని కొన్ని వారాల్లో దిద్దుకోగల లోపం.

ప్లాన్ అంటే ఇంటిని నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో అడ్డంగా కోసి, పై భాగం తీసేసి, పైనుంచి చూడటం. ఆ కోతలో పడిన గోడలు మందంగా రావాలి. కోతకి కింద ఉన్న మంచం, మెట్లు సన్నగా రావాలి. కోతకి పైన ఉండేవి చుక్కల్లాంటి విరుగు గీతతో రావాలి. అమ్మాయిని ముందు ఆటోక్యాడ్‌లో వంటగది ఒక్కటే గీయమనండి. లేయర్ అంటే ఒకే రకం వస్తువుల గీతల్ని కలిపి ఉంచే పొర. గోడ A-WALL లేయర్‌లో 0.50 మి.మీ., కిటికీ చట్రం, తలుపు 0.25, వంటగట్టు 0.18. అటక, బయటి సన్‌షేడ్ ఏడడుగుల ఎత్తులో ఉంటాయి కాబట్టి 0.18 మందం, HIDDEN లైన్‌టైప్‌తో వేరే లేయర్. పేర్లు ఏ ఆఫీసుకి ఆ ఆఫీసువే, ఈ విభజన మాత్రం ఎక్కడికెళ్లినా ఇదే.

తర్వాత బాత్రూమ్ వెంటిలేటర్. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కిటికీలాగే గోడ తెంచి గీసేస్తారు. వెంటిలేటర్ ఆరడుగుల పైన ఉంటుంది, నాలుగడుగుల కోత దగ్గర గోడ నిండుగానే ఉంటుంది. అందుకని గోడ గీతలు తెగకుండా సాగాలి, వెంటిలేటర్ విరుగు గీతతో రావాలి. మీ అమ్మాయి ప్లాన్‌లో ఇదెలా ఉందో ఇవాళే చూడమనండి.

ఈ మందాలు 1:50 స్కేలుకి. ముప్పై నలభై స్థలంలో ఇల్లు ఆ స్కేలులో A3 కాగితం మీద హాయిగా పడుతుంది. 1:100లో నాలుగున్నర అంగుళాల గోడ కాగితం మీద 1.15 మి.మీ. మాత్రమే. రెండు వైపులా 0.50 గీస్తే మధ్యలో ఖాళీ దాదాపు సగం తగ్గిపోయి గోడ మొద్దుగా కనిపిస్తుంది. అక్కడ 0.35కి దిగాలి.

విరుగు గీత ప్రింట్‌లో నిండు గీతలా వచ్చిందంటే చాలాసార్లు తప్పు లైన్‌టైప్ స్కేలుది. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉండి, లేఅవుట్ నుంచి ప్రింట్ తీస్తుంటే ఇవి ఒక్కొక్కటిగా టైప్ చేయాలి:

```
PSLTSCALE 1
LTSCALE 0.5
REGENALL
```

అప్పుడు ఒక్కో ముక్క కాగితం మీద దాదాపు 3 మి.మీ. వస్తుంది. స్క్రీన్ మీద కనిపించే మందాన్ని నమ్మొద్దు, monochrome.ctb పెట్టి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. షీటు చేయి చాపి పట్టుకుంటే ముందు గోడలు కంటికి ఆనాలి.

లేయర్లకీ ఒక పరీక్ష ఉంది. LAYISO కొట్టి, Settingsలో Off పెట్టి, ఒక గోడని ఎంచుకుంటే గోడలన్నీ మిగలాలి, గోడలే మిగలాలి. సోఫా అంచు ఒకటి నిలబడినా అది తప్పు లేయర్‌లో ఉన్నట్టే. గీత రంగు, మందం, లైన్‌టైప్ మూడూ ByLayer అనే ఉండాలి. చేత్తో మార్చేసి ఉంటే SETBYLAYER సరిచేస్తుంది. కానీ అంతకుముందు వస్తువులు సరైన లేయర్లలోకి చేరాలి, లేకపోతే విరుగు గీతలన్నీ మామూలు గీతలైపోతాయి. ఇది పట్టింపు కోసం చెప్పేది కాదు. మున్సిపాలిటీ ఆన్‌లైన్ అనుమతికి పెట్టే డ్రాయింగ్‌లో లేయర్ల పేర్లు వాళ్లు చెప్పినట్టే ఉండాలి, ప్రోగ్రామ్ వాటిని చూసే కొలతలు తీసుకుంటుంది.

ఇక రెవిట్. అది పనికిరాదని నేననను. పెద్ద కంపెనీల్లో దానికి గిరాకీ ఉంది. నా అనుమానమల్లా దాన్ని అమ్మే తీరు మీద. మూడు నెలల్లో రంగురంగుల త్రీడీ బొమ్మ చేయించి పంపేస్తే, ఆ పిల్లకి షీటు పెట్టడం రాదు. రెవిట్‌లో ఈ లేయర్లు ఉండవు, గోడని గోడగానే పెడతాం. అయినా Object Styles తెరిస్తే మందాల కింద Projection, Cut అని రెండు గడులు ఉంటాయి. కోతలో పడిందా, దూరంగా కనిపిస్తోందా అని అదీ అడుగుతోంది. ఆ జవాబు తెలియని పిల్ల అరవై వేలు కట్టినా అక్కడే ఆగుతుంది.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఒక్క ఆఫీసు కాదన్నదని ఇంకో కోర్సు కొనిపెట్టడం పిల్లకి ధైర్యం ఇవ్వదండీ, "నీకేం రాదు" అని చెప్పినట్టవుతుంది. ఇంతకీ ఈ ప్రశ్న తను అడగాలి, మీరెందుకు అడుగుతున్నారు? ఆ ఆఫీసుకి మీరు ఫోన్ చేయొద్దు. వెంటిలేటర్ దిద్దిన ప్లాన్, 1:50 ప్రింట్, డ్రాయింగ్ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని తననే మళ్లీ వెళ్లమనండి. పనిలో చేరి ఏడాది గడిచాక తనకే కావాలనిపిస్తే, తన జీతంతో రెవిట్ నేర్చుకుంటుంది.