ఫిల్టరు కన్నా ముందు ఆ 1.7 సంగతి చూడాలి

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. క్యాన్ నీళ్లలో ప్లాస్టిక్ ఉంటుందని, బోరు నీళ్లలోకి పురుగుమందు దిగుతుందని విని భయమేస్తోంది. ఏ ఫిల్టరు కొనాలి? షాపతను ఫిల్టరు నీళ్లలో మీటరు పెట్టి 40 చూపించాడు. అంతా పోయినట్టేనా? మావారికి 46 ఏళ్లు, తోటల్లో మందు కొట్టే పని. ఈ భయంతో నీళ్లు తగ్గించేశారు. ఒళ్లునొప్పులకు బిళ్లలు వేసుకుంటారు. మొన్న క్యాంపులో క్రియాటినిన్ 1.7 వచ్చింది. మూత్రంలో ప్రొటీన్ లేదు, ఫర్వాలేదన్నారు.

డాక్టర్ సలహా: అమ్మా, ఉత్తరం చివర్లో రాసిన మాట మొదట్లో రాయాల్సింది. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం. 46 ఏళ్ల మగమనిషికి అది 1.7 అంటే, లెక్క కడితే కిడ్నీల వడపోత నిమిషానికి 50 మిల్లీలీటర్ల దగ్గర ఉన్నట్టు. ఆ వయసులో 90 ఉండాలి. ఒక్క రిపోర్టు పట్టుకుని కిడ్నీ జబ్బు అని నేను అనను. ఆ రోజు ఎండలో పనిచేసి, నీళ్లు తాగకుండా పరీక్షకు రక్తం ఇచ్చినా క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. అందుకే ఈ వారంలోనే మళ్లీ చేయించండి. మూడు నెలలు దాటినా తగ్గకపోతే అప్పుడు దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటాం.

ప్రొటీన్ లేదన్న ధీమా మాత్రం వద్దు. మన ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లు వాయవు, బీపీ కూడా మామూలుగానే ఉంటుంది. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఊరుకుని, ఆకలి చచ్చి వాంతులు మొదలయ్యాక వచ్చేవాళ్లను వారం వారం చూస్తున్నాను.

నొప్పుల బిళ్లలు ఈరోజే ఆపించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం వెళ్లే దారిని కుదిస్తాయి. ఎండకు చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి, పైన ఆ బిళ్ల వేస్తే మూడూ కలిసి దెబ్బకొడతాయి. ఊళ్లో వేసే నొప్పి సూది కూడా ఎక్కువగా ఆ జాతి మందే. నొప్పికి పారాసెటమాల్ వాడొచ్చు, ఎంత మోతాదన్నది చూసిన డాక్టరు చెప్పాలి. ఒంట్లో నీరు చేరలేదని, నీళ్లు తగ్గించమని ఏ డాక్టరూ చెప్పలేదని అనుకుంటే, మూత్రం లేత పసుపులో వచ్చేంతగా తాగాలి. ప్లాస్టిక్ భయంతో నీళ్లు మానడం ఆయనకు ప్లాస్టిక్ కన్నా చేటు.

ఇక నీళ్లు. ప్లాస్టిక్ రేణువులు ఉన్న మాట నిజమే. 2024లో అమెరికాలో సీసా నీళ్లు పరీక్షిస్తే లీటరుకు సగటున 2.4 లక్షల రేణువులు కనిపించాయి, అందులో ఎక్కువ భాగం అతి సూక్ష్మమైనవి. కానీ తాగునీటిలోని రేణువులు ఫలానా జబ్బు తెస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. ఆర్వో పొర వాటిని దాదాపుగా ఆపేస్తుంది. ఆ నీళ్లను స్టీలు బిందెలో పట్టుకోండి. ఎండలో పెట్టిన క్యాన్లు, గీతలు పడ్డ పాత క్యాన్లు వద్దు.

మీటరు సంగతికొస్తే, అది చూపించేది నీళ్లలో కరిగిన ఉప్పులనే. అందులో ఒక అంకె అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. ప్యాకేజ్డ్ నీళ్లలో ఒక్కో పురుగుమందుకు మన దేశంలో పెట్టిన హద్దు అందులో పదివేలో వంతు. హద్దుకు వంద రెట్లున్నా మీటరు కదలదు. కాబట్టి ఆ 40 పురుగుమందు గురించి ఏమీ చెప్పదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, యూవీ లైటుకూ చస్తాయి, మందు మాత్రం పోదు. దాన్ని పట్టేది ముఖ్యంగా ఫిల్టరులోని బొగ్గు గొట్టం, కార్బన్ అంటారే అది. మందు బొగ్గుకు అంటుకుంటుంది. అంటుకునే చోటు నిండాక కొత్తగా వచ్చేది నేరుగా గ్లాసులోకి పోతుంది, రుచీ మారదు, రంగూ మారదు. అందుకే నీళ్లు బాగానే వస్తున్నాయి కదా అని రెండేళ్లు నడపకండి. కంపెనీ చెప్పిన గడువుకో, అన్ని లీటర్లకో మార్చేయండి. బొగ్గూ, ఆర్వో పొరా రెండూ ఉన్నది తీసుకోండి. మార్చిన తేదీ దాని మీదే రాసి పెట్టండి.

అయినా మీవారి ఒంట్లోకి మందు చేరితే నీళ్లకన్నా ఎక్కువగా చేరేది చర్మం, ఊపిరి దారినే. చేతులకు తొడుగు లేకుండా మందు కలపడం, గాలికి ఎదురుగా కొట్టడం, తడిసిన లుంగీతోనే ఇంటికొచ్చి అన్నం తినడం మానాలి. స్ప్రేయరు బోరు దగ్గర కడగకూడదు. మందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా నీళ్లకు పనికిరాదు. మా దగ్గరికొచ్చిన ఒకాయన అలాంటి డబ్బాలోనే పొలానికి మజ్జిగ తీసుకెళ్లేవాడు, సబ్బుతో కడిగాను కదండీ అన్నాడు. అలా కడిగితే ప్లాస్టిక్ పీల్చుకున్న మందు పోదు.

వచ్చేవారం దగ్గర్లోని పెద్దాసుపత్రిలో కిడ్నీ డాక్టరుకు చూపించండి. క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, కడుపు స్కానింగు అడుగుతారు. పాత రిపోర్టు, ఆయన వాడే బిళ్లల ఖాళీ అట్టలన్నీ, కొట్టే మందుల పేర్లు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. వాంతులు గానీ, ఆయాసం గానీ, మూత్రం తగ్గడం గానీ కనిపిస్తే వచ్చేవారం దాకా ఆగకండి.