నాలుగిళ్లు కలిసి కోయంబేడు వెళితే ఎంత మిగులుతుంది?

చెన్నైకి కొత్తగా వచ్చిన మన తెలుగువాళ్లు, ముఖ్యంగా వేళచ్చేరి, పెరుంగుడి వైపు అపార్ట్‌మెంట్లలో దిగినవాళ్లు, మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "వీధి చివర కొట్లో కూరగాయలు బాగా ఖరీదుగా ఉన్నాయండీ, నలుగురం కలిసి కోయంబేడు నుంచి తెచ్చుకుంటే కలిసొస్తుందా?" కలిసొస్తుంది, కానీ అన్నిటికీ కాదు. ఏది కలిసొస్తుందో, ఏది చేతి డబ్బు వదిలిస్తుందో లెక్క వేసి చూపిస్తాను.

ముందు ఆ మార్కెట్ సంగతి. జార్జ్‌టౌన్‌లోని కొత్తవాల్ చావడిలో ఇరుక్కుపోయిన టోకు వ్యాపారాన్ని 1996లో కోయంబేడుకు తరలించారు. లారీలు రాత్రికి వస్తాయి. అర్ధరాత్రి దాటాక అసలు బేరాలు మొదలై, తెల్లవారేసరికి చిల్లర వ్యాపారులు మంచి సరుకు ఎత్తుకెళ్లిపోతారు. ఇళ్లవాళ్లు వెళ్లాల్సింది ఆ రద్దీ తగ్గుముఖం పట్టే వేళకు, అంటే సుమారు ఆరు గంటలకు. మరీ ముందు వెళితే మీకు బేరం చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఎండెక్కాక వెళితే ధర తగ్గినట్టు కనిపిస్తుంది గానీ మిగిలినది ఏరివేసిన సరుకు.

ఇప్పుడు లెక్క. ధరలు రోజూ మారతాయి కాబట్టి ఇవి లెక్క కోసం అనుకున్నవే. నాలుగిళ్లకు టమాటా ఒక పెట్టె 15 కిలోలు, కిలో 30 చొప్పున 450 రూపాయలు. ఉల్లిపాయలు 20 కిలోలు, కిలో 25. బంగాళదుంపలు 10 కిలోలు, క్యారెట్ 6 కిలోలు. మొత్తం 51 కిలోలు. ఆటోకీ, మోసినవాడికీ కలిపి 300 అయిందనుకుందాం. అంటే కిలోకి దాదాపు 6 రూపాయలు రవాణా. చాలామంది ఈ 6 రూపాయలనే మర్చిపోతారు.

ఉల్లిపాయ 25కి కొంటే ఇంటికి చేరేసరికి 31. ఇరవైలో ఒక కిలో మెత్తబడినవి పోతే మిగిలిన 19 కిలోలకు కిలో 32.60 పడుతుంది. మీ వీధి కొట్లో 40 ఉంటే కిలోకి ఏడు రూపాయల పైన మిగిలినట్టే. టమాటా చూడండి. 30కి కొన్నది రవాణాతో 36, పదిహేను కిలోలకు 540. పెట్టెలో నలిగినవి, పగిలినవి రెండు కిలోలు తీసేస్తే 13 కిలోలకు కిలో 41.50 అవుతుంది. కొట్లో 45 ఉంటే మిగిలేది మూడున్నర. ఇంకో కిలో పాడైందంటే అదీ లేదు. ఇక టమాటా పెట్టె ఒక్కటే తేవడానికి అదే 300 ఖర్చు పెట్టి వెళ్లారనుకోండి, రవాణాయే కిలోకి 20. మంచి టమాటా కిలో 57 దాటుతుంది. అందుకే నేను చెప్పేది ఇది. బరువుండి నిలవుండే ఉల్లి, బంగాళదుంప ఆటో ఖర్చు మోయాలి, టమాటా వాటి వెంట రావాలి. ఆకుకూరలు అసలు ఈ జాబితాలో వద్దు. గోంగూర, అంటే ఇక్కడి పుళిచ్చ కీరై, మీ వీధిలోకి తెచ్చే కీరై అమ్మ దగ్గరే తీసుకోండి. కోయంబేడు నుంచి ఇంటికి వచ్చేసరికే వాడిపోయే దానికి చవక ఏమిటి?

టమాటాలో ఇక్కడ రెండు రకాలు అడుగుతారు. నాట్టు తక్కాళి గుండ్రంగా, పల్చటి తోలుతో, పుల్లగా ఉంటుంది. మన చారుకీ పచ్చడికీ అదే బాగుంటుంది, కానీ రెండు మూడు రోజులకే జారిపోతుంది. బెంగళూరు తక్కాళి అనే హైబ్రిడ్ రకం కోడిగుడ్డు ఆకారంలో, దళసరి తోలుతో ఉండి వారం ఆగుతుంది. పెట్టెతో కొనేది రెండోదే. నాట్టు రకం కావాలంటే ఒకటి రెండు కిలోలు విడిగా తీసుకోండి. చెన్నైకి టమాటా ఎక్కువగా మన మదనపల్లె నుంచీ, కోలార్, కృష్ణగిరి వైపు నుంచీ వస్తుంది. అక్కడ వానలు పడితే ఇక్కడ ధర ఎగురుతుంది. 2023 జూలైలో ధర వంద దాటినప్పుడు ప్రభుత్వం రేషన్ షాపుల్లో కిలో 60కి అమ్మించింది. అలాంటప్పుడు పెట్టె జోలికి పోవద్దు. పాడయ్యే రెండు కిలోల విలువ కూడా ధరతో పాటే పెరుగుతుంది.

కొనేటప్పుడు పెట్టె పైవరుస చూసి మురిసిపోకండి. "పెట్టి ఎవ్వళవు? ఎడై ఎన్న?" అని ధరతో పాటు బరువూ అడగండి. ఖాళీ పెట్టె బరువు కలిపి చెబుతున్నారా, తీసేసి చెబుతున్నారా అన్నది తేల్చుకోండి. అడుగున చేయి పెట్టి నాలుగు కాయలు తీయించుకోండి. చేతికి తడి తగిలినా, పుల్లటి వాసన వచ్చినా అడుగున కుళ్లు మొదలైందని అర్థం. అన్నీ ఎర్రగా పండినవి వద్దు, సగం దోరగా ఉన్న పెట్టె అడగండి. ఉల్లి సంచి మీద నల్లటి తడి మరక ఉంటే వదిలేయండి. విడిపాయ అయితే కాడ దగ్గర బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. బంగాళదుంప పచ్చబడితే ఎంత చవకైనా వద్దు.

యాభై కిలోల నిండు ఉల్లి మూట చవకని నాలుగిళ్లకు కొనేవాళ్లుంటారు. ఇంటికి పన్నెండున్నర కిలోలు అంటే నెలకు పైగా నిలవుండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానల్లో గాలి అంత తేమగా ఉంటే రెండు వారాలు దాటించడమే కష్టం. ఆ కాలంలో కోయంబేడులోనే ఐదు, పది కిలోల లెక్కన అమ్మే కొట్లకు వెళ్లండి, కాస్త ఎక్కువైనా నష్టం ఉండదు. ఇంట్లో ఉల్లిని గాలాడే జల్లెడ బుట్టలో పోయాలి, బంగాళదుంపల పక్కన పెట్టకూడదు.

గొడవలన్నీ పంచుకునే దగ్గర వస్తాయి. అందుకే ఇంటికి రాగానే ముందు ఏరండి, ఆ తర్వాతే తూచండి. చెడినవి అందరి నష్టం, ఎవరి వాటాలో పడ్డాయో వాళ్లది కాదు. ఒక్కో కూరకు రవాణా వాటాతో కలిపి అయిన ఖర్చంతా, ఆ కూరలో మిగిలిన మంచి సరుకు బరువుతో భాగిస్తే దాని అసలు కిలో ధర వస్తుంది. ఎవరు ఎంత తీసుకుంటే దానికి అంత. ఇరవై కిలోల వరకు తూచే వేలాడే త్రాసు ఒకటి ఉంటే చాలు. ముందు తీసుకున్నవాళ్లు దోరవి ఏరుకుంటే తర్వాతివాళ్లకు పండినవే మిగులుతాయి కాబట్టి, ఎవరి వంతు ముందు అనేది వారం వారం మార్చండి. వెళ్లేవాళ్ల వంతు కూడా అలాగే. ముందు రోజు రాత్రికే ఎవరికి ఎన్ని కిలోలో, డబ్బుతో సహా తీసుకోండి. "వచ్చాక చూద్దాంలే ఆంటీ" అన్నవాళ్ల పేరు ఆ వారం రాసుకోకండి.

ఆరిళ్లు దాటితే నేను వద్దంటాను. ఒకరికి సొరకాయ, ఒకరికి దొండకాయ, ఒకరికి మునక్కాడ అంటూ జాబితా పెరిగిపోయి, వెళ్లినవాళ్లు అక్కడ మూడు గంటలు తిరగాలి. నాలుగు రకాలే తేవాలని ముందే పెట్టుకోండి. మిగతా కూరలకు తమిళనాడులో 1999లో మొదలైన ఉళవర్ సందైలు ఉన్నాయి, మన రైతు బజార్ల లాంటివే. రైతులే తెచ్చి అమ్ముతారు, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. కోయంబేడు బేరానికి వెళ్లేముందు ఆ బోర్డు ఒకసారి చూస్తే, టోకు కొట్లో మీకు చెప్పే ధర నిజంగా తక్కువేనా కాదా తెలుస్తుంది.