రికవరీ ఉద్యోగం మానాలనుకుంటున్న మా అబ్బాయికి

చిన్నా,

వాయిదా కట్టలేని మనిషి ఇంటి ముందు నిలబడి, పక్కింటివాళ్లు వినేలా మాట్లాడే పని ఇక చేయలేనన్నావు. నీ నిర్ణయం సరైనదే. బ్యాంకు అప్పుల విభాగంలో రిటైరైనవాణ్ణి, ఆ గుమ్మాల దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు. కానీ రేపే రాజీనామా కాగితం ఇచ్చేయకు.

నిన్ను అక్కడ కట్టేసింది జీతం కాదు, ఇన్సెంటివ్. చేతికొచ్చే 25,000, దాని మీద సుమారు 10,000 ఇన్సెంటివ్. ఇంటి ఖర్చు 20,000, బైక్ ఈఎంఐ 4,500, చీటీ 5,000, మిగతాది ఎటు పోతోందో నీకే తెలియదు. ముందు మానాల్సింది ఆ 10,000 మీద ఆధారపడటం. ఈ నెల నుంచి ఇల్లు, బైక్ జీతంతోనే నడవాలి. ఇన్సెంటివ్‌లోంచి చీటీ కట్టి, మిగిలింది వేరే ఖాతాలో వెయ్యి.

అప్పుడు తప్పుడు పనికి ఇవాళే 'కుదరదు' అనగలవు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత అప్పు తీసుకున్నవాళ్లకు ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. బంధువులకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా ఆ నిబంధనలకు విరుద్ధమే. మేనేజర్‌తో వాదన పెట్టుకోకుండా రూల్ చూపించు. ఇన్సెంటివ్ 6,000కి పడిపోవచ్చు. పడనీ, చీటీకి అది చాలు.

ఇక తేదీ. నీ సర్వీసు అయిదేళ్లు నిండడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. బేసిక్ 15,000 కాబట్టి, దాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున అయిదేళ్లకు లెక్కేస్తే గ్రాచ్యుటీ దాదాపు 43,000 వస్తుంది. అయిదేళ్లు నిండేలోపే నోటీస్ ఇస్తే వాళ్లు ముందే రిలీవ్ చేసి పంపేయొచ్చు, ఆ డబ్బు చేజారుతుంది. కాబట్టి నిండాకే ఇవ్వు, అదీ ఆ నెల ఇన్సెంటివ్ ఖాతాలో పడ్డాక. నోటీస్‌లో ఉన్నవాళ్లకు ఇన్సెంటివ్ ఆపేసే కంపెనీలు చాలా ఉన్నాయి.

నీ లక్ష రూపాయల చీటీ కూడా అప్పటికే ముగుస్తుంది. మధ్యలో పాడకు. చివరిదాకా ఆగితే కమీషన్ పోను లక్షకు దగ్గరగా వస్తుంది. దాంతో ఇల్లూ బైకూ దాదాపు నాలుగు నెలలు నడుస్తాయి. పీఎఫ్ మాత్రం తీయకు, కొత్త చోటికి బదిలీ చేయించుకో.

అమ్మకు షుగర్ ఉంది కదా, కంపెనీ ఆరోగ్య బీమా చివరి పనిరోజుతో ఆగిపోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకో. పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ ఉంటుంది, ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

ఉద్యోగం వెతికేటప్పుడు అప్పు ఇచ్చే ముందు జరిగే పరిశీలన వైపు చూడు. ఎవరు ఎందుకు కట్టలేకపోతారో ఇల్లిల్లూ తిరిగి చూసినవాడివి, ఆఫీసులో కూర్చున్నవాళ్లకు అది తెలియదు. ఆఫర్ లెటర్ వచ్చాకే రాజీనామా.

నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీస్ ఎన్నాళ్లో, ఇన్సెంటివ్ గురించి ఏం రాశారో ఫోటో తీసి పంపు. చూసి చెబుతాను.

పెద్దనాన్న