మొదటి డేట్‌కు ఎర్ర గౌనా, నీలం కుర్తీయా?

"నా వయసు 26. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. యాప్‌లో పరిచయమైన అబ్బాయిని వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి మొదటిసారి కలవబోతున్నాను. ఆర్కే బీచ్‌లో కాసేపు నడిచి, తర్వాత కాఫీ తాగుదామనుకున్నాం. నేను రోజూ కుర్తీ, జీన్స్ వేసుకుంటాను. యాప్‌లో పెట్టిన ఫొటో కూడా కైలాసగిరి మీద నీలం కుర్తీలో దిగిందే. కుర్తీలో వెళితే ఆఫీసుకు వెళ్లినట్టుంటుందని నా రూమ్మేట్ తన ఎర్ర గౌను, హైహీల్స్ ఇస్తానంటోంది. గౌను అద్దంలో బాగానే ఉంది కానీ అది నేను కాదనిపిస్తోంది. పైగా కంగారు పడితే నాకు చెమట బాగా పడుతుంది. ఏం వేసుకోవాలి?"
– ఒక సోదరి, విశాఖపట్నం

అద్దం ముందు మీరు ఎంతసేపు నిలబడి ఉంటారు? రెండు నిమిషాలు, మహా అయితే ఐదు. ఆదివారం అవే బట్టల్లో ఆటో ఎక్కాలి, సముద్రపు గాలికి ఎదురు నడవాలి, మెట్లు దిగి ఇసుకలోకి వెళ్లాలి, ఆ తర్వాత ఒక కొత్త మనిషికి ఎదురుగా గంటసేపు కూర్చోవాలి. కదలకుండా నిలబడినప్పుడు ఎలా ఉంటారో అద్దం చెబుతుంది, అంతే. మిగతాదంతా ముందే వేసుకుని చూసుకుంటేనే తెలుస్తుంది.

ఒకసారి నా దగ్గరకు వచ్చిన అమ్మాయి సంగతి చెబుతాను. అక్క దగ్గర తీసుకున్న పొట్టి గౌను వేసుకుని తెన్నేటి పార్కులో ఒక అబ్బాయిని కలిసింది. అక్కడ కొండ అంచున గాలి ఎలా వీస్తుందో మీకు తెలుసు. గౌను ఎగరకుండా కుడిచేత్తో పట్టుకునే కూర్చుంది, బ్యాగు ఒళ్లో అడ్డం పెట్టుకుంది. అతను ఏమేం మాట్లాడాడని నేను అడిగితే సగం గుర్తులేదంది. అతనేమో, ఎప్పుడు లేచి వెళ్లిపోదామా అన్నట్టు కూర్చుందని అనుకున్నాడట. ఆ గౌను ఆమెకు నప్పలేదని కాదు. ఒక చెయ్యీ సగం మనసూ దాని కాపలాకే సరిపోయాయి. 'అది నేను కాదనిపిస్తోంది' అని మీరు రాసిన మాటను నేను తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం అదే.

కాబట్టి నా ఓటు కుర్తీకే. అయితే ఏ కుర్తీ అన్నది కాస్త ఆలోచించాలి.

మన ఊరి ఉక్కపోతలో చెమట పట్టడం మీ ఒక్కరి సమస్య కాదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, బట్టకే అంటుకుంటుంది. పాలిస్టర్ దాన్ని పీల్చుకోదు, వాసన కూడా పట్టి ఉంచుతుంది. రేయాన్ మెత్తగా ఉంటుంది కానీ తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది. పల్చని నూలు మేలు. మంగళగిరి కాటన్ గానీ, శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు గానీ అయితే మరీ మంచిది. గంజి మాత్రం పెట్టించకండి. గంజి పెట్టిన నూలు ఇంట్లో ఠీవిగా నిలబడుతుంది, బీచ్ గాలి తగిలిన కాసేపటికే మెత్తబడి ముడతలు పడుతుంది.

రంగు విషయంలో చిన్న పరీక్ష ఉంది. చంక దగ్గర లోపలి వైపు నాలుగు చుక్కల నీళ్లు అద్ది, పైనుంచి చూడండి. బూడిద రంగు, లేత నీలం మీద తడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపు, ముదురు నీలం, చిన్న చిన్న పూల అచ్చు ఉన్న బట్టల మీద అంతగా కనిపించదు. మీ నీలం కుర్తీ లేత రంగుదైతే దాన్ని పక్కన పెట్టి ముదురుది తీయండి. ఇంకొక విషయం. డియోడరెంట్ వాసనను మాత్రమే ఆపుతుంది, చెమటను తగ్గించేది యాంటీపెర్‌స్పిరెంట్. దాన్ని బయల్దేరేముందు కాకుండా ముందురోజు రాత్రి, ఆరిన చర్మానికి రాసుకుంటే బాగా పనిచేస్తుంది.

అయినా చెమట మరక కనిపిస్తే? ఈ భయానికి ఒక జవాబుంది. 2000లో థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థులకు వాళ్లు సిగ్గుపడేలాంటి, ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గుర్తుపట్టి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గుర్తుపట్టింది సుమారు పావువంతు మందే. ఎదురుగా ఒక్కడే కూర్చున్నప్పుడు అతను మిమ్మల్ని ఇంకాస్త పరీక్షగా చూస్తాడనుకోండి, అయినా మీరు ఊహించుకున్నంతగా చూడడు. అతనికీ తన చొక్కా గురించి, తన మాట గురించి కంగారు ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. గురువారం సాయంత్రం ఆదివారానికి అనుకున్నవన్నీ వేసుకోండి. లోదుస్తులు, చెప్పులు, చెవులకు పెట్టుకునేవి, బ్యాగు, అన్నీ. కుర్చీలో కూర్చుని ముందుకు వంగండి, కాఫీ కప్పు అందుకున్నట్టు. మెడ దగ్గర జారుతోందా? బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తండి. భుజం పట్టేస్తోందా? తర్వాత డాబా మీదకు వెళ్లి గాలిలో పది నిమిషాలు నడవండి. కుర్తీ పక్క చీలికలు ఎంత ఎగురుతాయో, చున్నీ మొహం మీద పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. చివరగా ఆ బట్టల్లోనే అమ్మకు ఫోను చేసి అరగంట మాట్లాడండి. మాటల్లో పడ్డాక మీ చెయ్యి ఎన్నిసార్లు, ఎక్కడికి వెళ్లిందో గమనించండి. ఒకే చోటికి మూడోసారి వెళ్లిందంటే అక్కడ ఇబ్బంది ఉన్నట్టే. పిన్నీసుతో సరిపోయేదైతే పిన్నీసు పెట్టండి, లేదంటే ఆ ముక్క మార్చండి. చున్నీయే గొడవ అయితే అది లేకుండా వేసుకునే కుర్తీ తీసుకోండి.

హీల్స్ ఇసుకలో దిగబడతాయి, వాటి ఊసు వద్దు. అలాగని దుకాణంలోంచి అప్పుడే తెచ్చిన చెప్పులూ వద్దు, మడమ వెనుక ఒరుసుకుని బొబ్బ లేస్తుంది. అరిగి పాదానికి అలవాటైన చెప్పులే కడిగి తుడిచి వేసుకోండి. మొదటిసారి కలిసే మనిషి దగ్గర, వెళ్లాలనిపించిన క్షణాన ఎవరి సాయమూ లేకుండా చకచకా నడిచి వెళ్లగలగాలి. ఒక్కదానిలో పట్టుపట్టమంటే నేను చెప్పుల విషయంలోనే పట్టుపడతాను.

'ఆఫీసుకు వెళ్లినట్టుంటుంది' అన్న మీ రూమ్మేట్ మాటలోనూ కొంత నిజం ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వేసుకునే కుర్తీలో మీకే పండగలా అనిపించకపోవచ్చు. అందుకు మొత్తం మారిపోనక్కర్లేదు, ఒక్కటి మార్చండి. ఆఫీసుకు పెట్టుకోని జుంకాలు గానీ, కాటుక గానీ, రోజూ వేసుకునే జడకు బదులు వదులుగా ముడి గానీ. ఆ ఒక్కటి కూడా మీరు ఇదివరకు ఏ పెళ్లిలోనో పుట్టినరోజుకో ఇష్టంగా పెట్టుకున్నదే అయి ఉండాలి. అతను ఆ కైలాసగిరి ఫొటో చూసే మిమ్మల్ని కలవాలనుకున్నాడని కూడా గుర్తుంచుకోండి. బీచ్‌లో జనం మధ్య మిమ్మల్ని గుర్తుపట్టేది ఆ పోలికలతోనే.

రూమ్మేట్‌తో గొడవ పెట్టుకోకండి. గౌను బాగుందని, గాలికి ఎగురుతుందేమోనని భయంగా ఉందని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆమెకు సాయం చేయాలని ఉంది కాబట్టి గురువారం డాబా మీద మీరు నడుస్తున్నప్పుడు వెనుక నుంచి చూసి చెప్పమనండి. అది మీకు కనిపించదు, ఆమెకే కనిపిస్తుంది.

శనివారం రాత్రి కుర్తీ ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించండి. బ్యాగులో ఒక చేతిరుమాలు, గాలికి జుట్టు చెదిరితే బిగించుకోవడానికి ఒక క్లిప్పు, రెండు పిన్నీసులు పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం మనసు మారి బీరువా తెరవాలనిపిస్తుంది. డాబా మీద నడిచి చూడని బట్ట ఏదీ ఆ పూట బయటికి తీయకండి.