ఏడు జట్ల లీగ్: బై ఒక్కసారే, హోమ్ మూడు, అవే మూడు

ప్రశ్న: మా వాలీబాల్ లీగ్‌లో ఏడు జట్లున్నాయి. ప్రతివారం చీటీలు తీస్తుంటే ఒకే జట్టుకి రెండుసార్లు బై వస్తోంది, కొందరు ఎప్పుడూ బయట ఊళ్ళకే తిరుగుతున్నారు. ఫిక్చర్ ఒకేసారి తయారుచేసే ప్రోగ్రాం రాయడం ఎలా?

చీటీలు మానేయండి. వారం వారం తీసే చీటీకి పోయినవారం ఏం జరిగిందో తెలీదు, అందుకే బై తిరిగి అదే జట్టు నెత్తిన పడుతుంది. జట్లు బేసి సంఖ్యలో ఉండటం నిజానికి మీ అదృష్టం. హోమ్, అవే సరిసమానంగా పంచడం బేసిలోనే కుదురుతుంది.

జట్లకి 0 నుంచి 6 దాకా నంబర్లిచ్చి గుండ్రంగా కూర్చోబెట్టినట్టు ఊహించుకోండి. వారం నంబరు ఎంతో ఆ నంబరు జట్టుకి ఆ వారం బై. దానికి కుడిపక్క మొదటి జట్టు ఎడమపక్క మొదటి జట్టుతో, రెండోది రెండోదానితో, మూడోది మూడోదానితో ఆడతాయి. అసలు కిటుకు హోమ్ ఎవరిది అన్నదాంట్లో ఉంది. మొదటి, మూడో జోడీల్లో కుడిపక్క జట్టుది హోమ్, రెండో జోడీలో ఎడమపక్క జట్టుది.

```python
teams = ["అమలాపురం", "రాజోలు", "కొత్తపేట",
         "రావులపాలెం", "ముమ్మిడివరం",
         "నరసాపురం", "పాలకొల్లు"]
n = len(teams)   # బేసి సంఖ్య ఉండాలి
for r in range(n):
    print("వారం", r, "బై:", teams[r])
    for k in range(1, n // 2 + 1):
        h, a = (r + k) % n, (r - k) % n
        if k % 2 == 0:
            h, a = a, h
        print("  ", teams[h], "-", teams[a])
```

వరుసలో ముందున్న పేరుది హోమ్. వారం 0లో అమలాపురానికి బై. పాలకొల్లు వాళ్ళు రాజోలు వస్తారు, కొత్తపేట వాళ్ళు నరసాపురం వెళ్తారు, ముమ్మిడివరం వాళ్ళు రావులపాలెం వెళ్తారు. వారం 1లో బై రాజోలుది. ఇప్పుడు అమలాపురం కొత్తపేటకి, రావులపాలెం పాలకొల్లుకి, నరసాపురం ముమ్మిడివరానికి వెళ్ళాలి. పోయినవారం సొంత గ్రౌండులో ఆడినవాళ్ళు ఈ వారం బయటికెళ్ళారు చూడండి. ఏడు వారాలూ ఇలాగే నడుస్తుంది. మధ్యలో బై వచ్చినా వరుస తప్పదు: హోమ్, బై, అవే. మొత్తం 21 మ్యాచ్‌లు, ఒక్కొక్కరికి మూడు హోమ్, మూడు అవే, ఒక బై. ప్రింటు తీసి ఈ లెక్క ఒకసారి సరిచూసుకోండి.

ఎక్కువమంది రాసే కోడు వేరు. జాబితా చివర "BYE" అని ఎనిమిదో పేరు చేర్చి, మొదటి జట్టుని కదపకుండా మిగతావాటిని తిప్పి, ముందున్న పేరుకి హోమ్ ఇచ్చేస్తారు. బై లెక్క బాగానే వస్తుంది. కానీ మొదటి జట్టుకి ఆరు మ్యాచ్‌లూ సొంత ఊళ్ళోనే! మిగతావాళ్ళకి రెండో మూడో. జాబితాలో మొదటి పేరు ఎప్పుడూ కమిటీ సెక్రటరీగారి ఊరే కాబట్టి, తప్పు కోడుదైనా తిట్లు మాత్రం ఆయనకే. "BYE"ని చివర కాకుండా మొదట పెడితే మొత్తం మూడు-మూడు వస్తుంది గానీ, చాలా జట్లకి హోమ్‌లన్నీ ఒకచోట, అవేలన్నీ ఒకచోట గుంపు కడతాయి.

నంబర్లిచ్చేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. రెండు జట్లకి ఒకే గ్రౌండు ఉంటే వాటికి పక్కపక్క నంబర్లివ్వండి (6 పక్కన 0 అనే లెక్క). పై పద్ధతిలో పక్కపక్క నంబర్ల జట్లకి ఒకే వారం హోమ్ రాదు. నెట్టు కట్టే స్తంభాల దగ్గర గొడవ ఉండదు.

వాయిదా పడ్డ మ్యాచ్‌ని "బై వారంలో ఆడించేద్దాంలే" అనుకోకండి. వారం 3లో నరసాపురం వాళ్ళు రాజోలు రావాలి. సఖినేటిపల్లి పంటు మీద వద్దామనుకుంటే, గోదారి పొంగి పంటు ఆపేశారనుకుందాం. రాజోలు బై వారం 1లోనే అయిపోయింది, నరసాపురం బై వారం 5లో. ఆ వారం రాజోలుకి వేరే మ్యాచ్ ఉంది. ఇద్దరికీ ఒకేసారి ఖాళీ దొరికే వారమే లేదు. అందుకని ఎనిమిదో వారం ఒకటి ఖాళీగా ఉంచుకోండి. లీగ్ వర్షాకాలంలో పెడితే రెండు ఉంచండి. అసలు వర్షాకాలంలో ఎందుకు పెడతారో నాకర్థం కాదు.

ఇక ఏదో జట్టు తప్పుకుంటే? మొదలుకాకముందే తప్పుకుంటే ఆరు జట్లవుతాయి. ఐదింటిని 0 నుంచి 4 దాకా నంబర్లతో ఇదే కోడులో వేసి, ఆ వారం బై వచ్చినవాళ్ళని ఆరో జట్టుతో ఆడించండి, ఆరో జట్టుకి ఒక వారం హోమ్, ఒక వారం అవే ఇస్తూ. అప్పుడు ఐదేసి మ్యాచ్‌లు కాబట్టి మూడు-రెండు కంటే సమానం కుదరదు. లీగ్ మధ్యలో తప్పుకుంటే మాత్రం, ఆ జట్టుతో ఇంకా ఆడాల్సినవాళ్ళందరికీ అదనంగా ఒక వారం ఖాళీ పడుతుంది, కొందరికి హోమ్ మ్యాచ్ కూడా పోతుంది. మిగిలిన వారాల్ని అటూ ఇటూ మార్చి సర్దబోతే ఆడిన జోడీలే మళ్ళీ తగులుతాయి. ఫిక్చర్ కదపకండి. పాయింట్లు ఎలా లెక్కేస్తారో ఎంట్రీ ఫీజు కట్టించుకునే రోజే కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించండి.